జెల్డాల్ నత్రజని లెక్క: ఒకే బ్యూరెట్ రీడింగుకు ఐదు జవాబులు ఎలా వస్తాయి?

ఖరీఫ్ దుక్కులకు ముందు గుంటూరు చుట్టుపక్కల పొలాల నుంచి మట్టి నమూనాలు సంచుల్లో ప్రయోగశాలలకు చేరతాయి. కొన్నాళ్లకు రిపోర్టులు తిరిగి వస్తాయి. ఒకదానిలో నత్రజని 0.052 శాతం అని ఉంటుంది. ఇంకొకదానిలో హెక్టారుకు 210 కిలోలు అని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్న రైతు తికమకపడటంలో వింత లేదు. వింత ఏమిటంటే, మొదటి అంకెను జెల్డాల్ పద్ధతిలో లెక్కగట్టే చోట కూడా తికమక తక్కువేమీ కాదు. టైట్రేషన్ చక్కగా చేసి, రీడింగులు శుభ్రంగా రాసుకుని, చివరి రెండు నిమిషాల గుణకారంలో జవాబును నాలుగో వంతుకో సగానికో పడగొట్టుకోవడం మట్టి ల్యాబుల్లో మామూలుగా జరిగేదే.

కారణం గణితం కష్టమై కాదు. సూత్రాన్ని అర్థం తెలియకుండా బట్టీపట్టడం, అదీ ఒక పుస్తకం నుంచి ఒకలా, పరికరం మాన్యువల్ నుంచి ఇంకొకలా పట్టడం. సూత్రాన్ని కాసేపు పక్కనపెట్టి నత్రజని మిల్లీగ్రాముల వెంట నడిస్తే ఎక్కడ దారి తప్పుతామో స్పష్టంగా కనిపిస్తుంది.

నమూనా ఒకటి, అంకెలు ఐదు

లెక్క కోసం ఒక నమూనా తీసుకుందాం. ప్రత్తిపాడు వైపు మిర్చి చేలోని నల్లరేగడి మట్టి అనుకోండి. గాలికి ఆరబెట్టి, నూరి, జల్లెడ పట్టి 5.00 గ్రాములు తూచారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో డైజెస్ట్ చేసి, చల్లార్చి, స్వేదనజలంతో 100 మి.లీ.కి సరిచేశారు. అందులోంచి 25 మి.లీ. మాత్రం తీసి క్షారం కలిపి స్వేదనం చేశారు. వచ్చిన అమ్మోనియాను బోరిక్ ఆమ్లంలో పట్టి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేశారు. నమూనాకు 2.60 మి.లీ. పట్టింది. మట్టి లేకుండా నడిపిన బ్లాంక్‌కు 0.30 మి.లీ. పట్టింది.

ఇవే రీడింగులను ఐదుగురికి ఇస్తే ఐదు జవాబులు రావచ్చు: 0.052, 0.013, 0.026, 0.058, 0.055. మొదటిది సరైన లెక్క. చివరిది కూడా సరైనదే, కాకపోతే వేరే ప్రాతిపదిక మీద వేసింది. మధ్యలోని మూడూ తప్పులు. ఆ మూడింటిలో ఏదీ చూడగానే తప్పు అనిపించదు. మన నేలల్లో మొత్తం నత్రజని ఎలాగూ శాతంలో చిన్న భిన్నమే కాబట్టి, 0.026 అని రాసి ఉన్నా ‘బలం లేని నేల కాబోలు’ అని సరిపెట్టుకుంటాం.

ఫ్లాస్కులో జరిగేది, బ్యూరెట్ కొలిచేది

డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ జెల్డాల్ 1883లో ఈ పద్ధతిని వెలువరించాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. అది బీరు తయారీ సంస్థది. బార్లీ గింజలో ప్రోటీన్ ఎంతో తెలుసుకోవడం వాళ్ల అవసరం. ఆ పద్ధతే తర్వాత మట్టికి, ఎరువుకు, ఆకుకు, పశువుల దాణాకు పాకింది.

పని మూడు దశలుగా సాగుతుంది. మొదటిది డైజెషన్. మట్టిలోని సేంద్రియ పదార్థంలో చిక్కుకుని ఉన్న నత్రజనిని మరిగే సల్ఫ్యూరిక్ ఆమ్లం అమ్మోనియంగా మారుస్తుంది. పొటాషియం సల్ఫేట్ కలిపేది ఆమ్లం మరింత ఎక్కువ వేడిమి వద్ద మరగడానికి, కాపర్ సల్ఫేట్ కలిపేది చర్య వేగంగా సాగడానికి. మొదట బొగ్గులా నల్లబడిన ద్రావణం మెల్లగా తేటపడి, రాగి ఉన్నందువల్ల లేత ఆకుపచ్చగానో నీలిపచ్చగానో తేలుతుంది. మట్టిలోని ఇసుక, బంకమన్ను రేణువులు మాత్రం తెల్లగా అడుగున మిగులుతాయి.

రెండోది స్వేదనం. ఆమ్లంలో అమ్మోనియం కదలకుండా కూర్చుంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ పోసి ద్రావణాన్ని క్షారంగా మార్చగానే అది అమ్మోనియా వాయువై ఆవిరితో పాటు పైకి లేస్తుంది. కండెన్సర్‌లో చల్లబడి బోరిక్ ఆమ్లంలోకి దిగుతుంది. బ్రోమోక్రెసాల్ గ్రీన్, మిథైల్ రెడ్ కలిపిన సూచిక ఉంటుంది కనుక అంతవరకు గులాబి రంగులో ఉన్న బోరిక్ ఆమ్లం, అమ్మోనియా తగలగానే పచ్చబడుతుంది.

మూడోది టైట్రేషన్. ఆ పచ్చ మళ్లీ లేత గులాబికి తిరిగే వరకు సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేస్తాం. ఇక్కడ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: బోరిక్ ఆమ్లం 2 శాతమా 4 శాతమా, ఎన్ని మిల్లీలీటర్లు పోశాం అన్నది లెక్కలోకి ఎందుకు రాదు? బోరిక్ ఆమ్లం చాలా బలహీనమైనది. అమ్మోనియాను పట్టి ఉంచడమే దాని పని. మనం కొలిచేది అది పట్టిన అమ్మోనియాను తిరిగి తటస్థం చేయడానికి ఎంత బలమైన ఆమ్లం పట్టిందో. అమ్మోనియా మొత్తాన్ని పట్టేంత ఉంటే చాలు, కచ్చితమైన గాఢతతో పని లేదు. బ్లాంక్‌కూ నమూనాకూ ఒకే పరిమాణం పోస్తే సరి.

పాత పద్ధతిలో బోరిక్ ఆమ్లం బదులు కచ్చితంగా కొలిచిన సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నే ఉంచి, మిగిలిపోయిన ఆమ్లాన్ని క్షారంతో టైట్రేట్ చేసేవారు. అందులో నత్రజని పెరిగే కొద్దీ రీడింగు తగ్గుతుంది. కాబట్టి బ్లాంక్ లోంచి నమూనాను తీసేయాలి. బ్లాంక్ రీడింగు B, నమూనా రీడింగు S అనుకుంటే, పాత పుస్తకాల్లో B − S అని, కొత్త వాటిలో S − B అని ఉండటానికి కారణం ఇదే. రెండూ ఒప్పే, ఒక్కొక్కటి తన పద్ధతికి.

మిల్లీగ్రాముల వెంట

ఇప్పుడు లెక్క. ఒక అమ్మోనియా అణువును ఒక హైడ్రోజన్ అయాన్ తటస్థం చేస్తుంది. ఒక అమ్మోనియాలో ఒకే నత్రజని పరమాణువు, దాని భారం 14.007. అంటే 1 నార్మల్ ఆమ్లం 1 మి.లీ. పట్టిందంటే అక్కడ 14.007 మి.గ్రా. నత్రజని ఉన్నట్టు. 0.02 నార్మల్ ఆమ్లమైతే మిల్లీలీటరుకు 0.280 మి.గ్రా. ఈ ఒక్క అంకె మనసులో ఉంటే మిగతా సూత్రం దానంతటదే వస్తుంది.

నమూనాకు పట్టిన 2.60 లోంచి బ్లాంక్ 0.30 తీసేస్తే 2.30 మి.లీ. దాన్ని 0.02తో, 14.007తో గుణిస్తే 0.644 మి.గ్రా. ఇది స్వేదనం చేసిన 25 మి.లీ.లో ఉన్న నత్రజని. మొత్తం డైజెస్ట్ 100 మి.లీ. కాబట్టి నాలుగు రెట్లు, అంటే 2.577 మి.గ్రా. ఇది 5 గ్రాముల మట్టిలో, అంటే 5000 మి.గ్రా.లో ఉన్నది. నూటికి ఎంత అని చూస్తే 2.577ను 5000తో భాగించి 100తో గుణించాలి. వచ్చేది 0.0515, రాసేది 0.052 శాతం.

దీన్నంతా ఒక వరుసలో పెడితే పుస్తకాల్లోని సూత్రం వస్తుంది:

```
%N = (S − B) × N × 1.4007 × (V / A) / W
```

S నమూనా రీడింగు, B బ్లాంక్ రీడింగు, N ఆమ్లం నార్మాలిటీ, V డైజెస్ట్‌ను సరిచేసిన మొత్తం పరిమాణం, A స్వేదనానికి తీసుకున్న భాగం, W మట్టి బరువు గ్రాముల్లో. 1.4007 అనేది ఎక్కడి నుంచో ఊడిపడిన స్థిరాంకం కాదు. 14.007ను శాతం కోసం 100తో గుణించి, మిల్లీగ్రాములను గ్రాములు చేయడానికి 1000తో భాగిస్తే మిగిలింది అంతే. కొందరు 0.014 అని వేసి చివర 100తో గుణిస్తారు, కొందరు 1.4 అని వేస్తారు. ఒకరి స్థిరాంకం, ఇంకొకరి చివరి గుణకారం కలిపేసినప్పుడే జవాబు వంద రెట్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. అంత పెద్ద తప్పు ఎవరికైనా కనిపిస్తుంది కనుక దానితో ప్రమాదం తక్కువ. కనిపించని తప్పులే అసలు సమస్య.

0.013: నాలుగింట మూడొంతులు ఎక్కడ పోయాయి

V / A అన్న భాగాన్ని వదిలేస్తే వచ్చేది 0.013. దీన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయలేం, దాని వెనక ఒక చరిత్ర ఉంది. పాత గాజు పరికరాల్లో డైజెస్ట్‌ను 100 లేదా 250 మి.లీ.కి సరిచేసి కొంత భాగమే స్వేదనం చేసేవారు. ఇప్పుడు చాలా ల్యాబుల్లో బ్లాక్ డైజెస్టర్, ఆటోమేటిక్ స్వేదన యూనిట్ వచ్చాయి. వాటిలో అర గ్రామో గ్రామో మట్టి వేసి, ట్యూబు మొత్తాన్నీ అలాగే స్వేదన యూనిట్‌కు తగిలిస్తారు. అక్కడ V, A సమానం కనుక సూత్రంలో ఆ భాగమే ఉండదు. ఆ మాన్యువల్ సూత్రాన్ని పాత పద్ధతికి వాడితే నాలుగింట మూడొంతుల నత్రజని కాగితం మీదే మాయమవుతుంది.

పట్టుకునే దారి సులువు. లెక్క పుస్తకంలో ‘డైజెస్ట్ మొత్తం’, ‘తీసుకున్నది’ అని రెండు గడులు శాశ్వతంగా ఉంచి, మొత్తం స్వేదనం చేసిన రోజున కూడా రెండు గడుల్లోనూ ఒకే అంకె రాయడం. ఖాళీ గడి కంటికి కనిపిస్తుంది. సూత్రంలో లేని పదం కనిపించదు.

0.026: సీసా మీద రాసింది నార్మలా, మోలారా?

సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్కో అణువు రెండు హైడ్రోజన్ అయాన్లను ఇస్తుంది. అందువల్ల 0.01 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒకటే. కొత్త పాఠ్యపుస్తకాలు, కొన్న ద్రావణాల సీసాలు మోలారిటీలో రాస్తాయి. మన మట్టి ల్యాబుల వాడుక ఇంకా నార్మాలిటీలోనే ఉంది. సీసా మీద 0.01 అని చూసి దాన్ని N స్థానంలో వేస్తే జవాబు సరిగ్గా సగం అవుతుంది. అదే తప్పు తలకిందులుగా జరిగి, 0.02 నార్మల్ ఆమ్లాన్ని 0.02 మోలార్ అనుకుని రెండుతో గుణిస్తే జవాబు రెట్టింపవుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడే చోట ఈ గొడవ లేదు, దానికి రెండూ సమానం. అందుకే హైడ్రోక్లోరిక్ వాడిన ల్యాబు నుంచి వచ్చినవారు సల్ఫ్యూరిక్ దగ్గర తడబడతారు.

సీసా మీద అంకె ఒక్కటే రాసి N, M అక్షరాన్ని వదిలేయడం ఈ తికమకకు సగం కారణం. మిగతా సగం, అక్కడ రాసిన 0.02 నిజంగా 0.02 అని నమ్మడం. గాఢ ఆమ్లాన్ని కొలిచి పల్చన చేసినంత మాత్రాన కచ్చితమైన నార్మాలిటీ రాదు. ఎండబెట్టిన సోడియం కార్బొనేట్‌తో సరిచూసి, వచ్చిన విలువనే లెక్కలో వేయాలి. అది 0.0194 అని తేలితే మన జవాబు మూడు శాతం తగ్గుతుంది.

0.058: తీసేయని బ్లాంక్

మిర్చి యార్డులో టిక్కీని తూకం వేసి గోతం బరువు తీసేసినట్టే, నమూనా రీడింగులోంచి బ్లాంక్ తీసేయాలి. మట్టిది కాని నత్రజని ఆ రీడింగులో కొంత ఉంటుంది. ఆమ్లంలో, ఉత్ప్రేరక మిశ్రమంలో, స్వేదనజలంలో, ఒక్కోసారి ల్యాబు గాలిలో కూడా అమ్మోనియా జాడలు ఉంటాయి. పైగా సూచిక రంగు తిరగడానికే కొంచెం ఆమ్లం పడుతుంది.

మట్టికి బ్లాంక్ ఎందుకంత ముఖ్యమో అంకెల్లో చూడండి. మన నమూనాలో 2.60కి 0.30, అంటే రీడింగులో పదకొండు శాతానికి పైనే బ్లాంక్ ఉంది. అదే ల్యాబులో మిర్చి ఆకు పొడి పరీక్షించి 12 మి.లీ. రీడింగు వచ్చిందనుకుంటే, అందులో 0.30 రెండున్నర శాతమే. ఆకుల పరీక్షకు అలవాటు పడినవారు బ్లాంక్‌ను లాంఛనంగా చూడటం, మట్టి దగ్గరకు వచ్చేసరికి దెబ్బతినడం అందుకే.

బ్లాంక్ అంటే స్వేదనజలాన్ని స్వేదనం చేసి చూడటం కాదు. మట్టి తప్ప అన్నీ, అదే ఆమ్లం, అదే ఉత్ప్రేరకం, అంతే సేపు డైజెషన్, అదే 25 మి.లీ., అదే క్షారం ఉండాలి. నిన్నటి సీసాతో చేసిన బ్లాంక్‌ను ఈ రోజు తెరిచిన కొత్త సీసాకు వాడటం కుదరదు. టైట్రేషన్‌లోనూ ఒక కిటుకు ఉంది. లేత గులాబి అంటే ఒక్కొక్కరి కంటికి ఒక్కో రంగు. ఒకే మనిషి ముందు బ్లాంక్‌ను పూర్తిచేసి, ఆ ఫ్లాస్కును తెల్ల టైలు మీద పక్కనే ఉంచుకుని, నమూనాలను అదే రంగుకు తెస్తే, కంటి తేడా తీసివేతలో రద్దయిపోతుంది. బ్లాంక్ ఉన్నట్టుండి 0.30 నుంచి 0.90కి ఎగబాకితే రసాయనాలను అనుమానించే ముందు, అదే గదిలో ఎవరైనా అమ్మోనియా సీసా తెరిచి ఉంచారేమో చూడటం మంచిది.

0.055: తేమ మీద వాదం

ఇది తప్పు కాదు, అభిప్రాయభేదం. గాలికి ఆరిన మట్టి పూర్తిగా ఎండినది కాదు. బంకమన్ను ఎక్కువ ఉన్న నల్లరేగడి, ఆరినట్టు కనిపిస్తూనే తేమను పట్టి ఉంచుతుంది. అదే మట్టిని ఇంకొంత 105 డిగ్రీల ఓవెన్‌లో స్థిరమైన బరువు వచ్చేవరకు ఉంచితే, ఎండిన మట్టి బరువు మీద 7 శాతం తేమ ఉన్నట్టు తేలిందనుకుందాం. అప్పుడు మనం తూచిన 5.00 గ్రాముల్లో అసలు మట్టి 5.00ను 1.07తో భాగిస్తే వచ్చే 4.67 గ్రాములే. W స్థానంలో దాన్ని వేస్తే 0.055 శాతం వస్తుంది.

ఓవెన్ ప్రాతిపదిక కావాలనే వారి మాటలో బలం ఉంది. విజయవాడలో వానాకాలపు చెమ్మలో ఆరిన మట్టి, మే నెల వడగాలిలో ఆరిన మట్టి ఒకే తేమతో ఉండవు. రెండు రుతువుల ఫలితాలను పోల్చాలంటే, పరిశోధన పత్రంలో వేయాలంటే ఎండిన బరువు మీద రాయాల్సిందే. రెండో పక్షం వారు చెప్పేదీ తోసిపుచ్చదగ్గది కాదు. రోజుకు పదుల నమూనాలు వచ్చే ల్యాబులో ప్రతిదానికీ తేమ పరీక్ష విడిగా చేయడం భారం. పైగా ఇసుక నేలల్లో ఆరిన మట్టి తేమ ఒక శాతం చుట్టూ ఉంటే జవాబులో ఆ తేడా కనిపించనే కనిపించదు. నల్లరేగడికి మాత్రం ఈ దిద్దుబాటు వదలకూడదన్నది నా అభిప్రాయం. ఏ పక్షం పట్టినా, ఏ ప్రాతిపదికో రిపోర్టులో రాయకపోతే మాత్రం 0.052, 0.055 రెండు వేర్వేరు నేలలుగా చలామణి అవుతాయి.

ఎన్ని దశాంశాలు రాయాలి

కంప్యూటర్ 0.051546 అని చూపిస్తుంది. దాన్ని అలాగే రిపోర్టులోకి ఎక్కించేవారు ఉన్నారు. మన 2.30 మి.లీ. నాలుగు రీడింగుల మీద ఆధారపడింది: నమూనాకు మొదలు, చివర, బ్లాంక్‌కు మొదలు, చివర. 0.1 మి.లీ. గీతలున్న బ్యూరెట్‌లో ఒక్కో రీడింగు 0.05 అటూ ఇటూ కావచ్చు. అన్నీ కలిసి 0.1 మి.లీ. తేడా తెచ్చాయనుకున్నా జవాబు నాలుగు శాతానికి పైగా, అంటే 0.002 మేర కదులుతుంది. మూడో దశాంశమే ఊగుతున్నప్పుడు ఆరో దశాంశం రాయడంలో అర్థం లేదు. 0.052 అని ఆపడం న్యాయం.

ఊగుడు తగ్గించాలంటే గుణకారాన్ని కాదు, రీడింగును పెంచాలి. 25 బదులు 50 మి.లీ. స్వేదనం చేస్తే తేడా 4.60 మి.లీ. అవుతుంది. ఆమ్లాన్ని 0.01 నార్మల్ చేస్తే అది మళ్లీ రెట్టింపై 9.20 మి.లీ.కి చేరుతుంది. నత్రజని అంతే, జవాబూ అంతే, కానీ అదే 0.1 మి.లీ. పొరపాటు ఇప్పుడు ఒక శాతమే.

లెక్క ఒప్పే, అంకె తప్పు

గుణకారం సరిగ్గా చేసినా నత్రజని బ్యూరెట్ దాకా చేరకపోతే జవాబు తగ్గుతుంది. దారిలో అది జారిపోయే చోట్లు ముఖ్యంగా మూడు.

ఒకటి, డైజెషన్‌ను తొందరగా ఆపేయడం. ద్రావణం తేటపడటం పని పూర్తయిన గుర్తు కాదు, పూర్తవబోతున్న గుర్తు. మొండి సేంద్రియ పదార్థం విడిపోవడానికి తేటపడ్డాక కూడా గంట, ఆపైన మరగనివ్వాలి. నల్లరేగడికి మరో పేచీ ఉంది. గట్టిగా పట్టుకుని ఉండే మట్టి గుళికల లోపలికి ఆమ్లం చొరబడదు. ఆమ్లం పోయడానికి ముందు మట్టిని కాసేపు నీళ్లలో నాననిస్తే ఎక్కువ నత్రజని వస్తుందని మన దేశపు నల్లనేలల మీద 1920ల నాటి పరిశోధనలోనే తేలింది. మట్టిని బాగా మెత్తగా నూరితే నానబెట్టాల్సిన పని లేదని తర్వాతి వారు వాదించారు. తమ దగ్గర మట్టిని ఎంత మెత్తగా నూరుతున్నారన్న దాన్ని బట్టి ల్యాబు దీన్ని తేల్చుకోవాలి. ఒకే నమూనాను రెండు విధాలా చేసి చూస్తే సందేహం అక్కడే తీరుతుంది.

రెండు, క్షారం చాలకపోవడం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరును తటస్థం చేయడానికే 40 శాతం సోడియం హైడ్రాక్సైడ్ సుమారు 3.6 మి.లీ. కావాలి. ఆ పైన మిగులు ఉంటేనే అమ్మోనియా విడుదలవుతుంది. రాగి ఉత్ప్రేరకం ఇక్కడ మేలు చేస్తుంది. క్షారం చాలినప్పుడు ద్రావణం ముదురు నీలానికి మారి, కాగగానే నల్లబడుతుంది. ఇంకా లేతగానే ఉంటే క్షారం చాలలేదు. రీడింగు దాదాపు బ్లాంక్‌తో సమానంగా వచ్చి, ‘ఈ నేలలో నత్రజనే లేదు’ అనిపించిన ప్రతిసారీ మొదట చూడాల్సింది ఇదే.

మూడు, కండెన్సర్. మే నెలలో మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లనే కండెన్సర్‌లోకి పంపితే స్వేదనం చల్లబడకుండా వేడిగానే బోరిక్ ఆమ్లంలోకి దిగుతుంది, అమ్మోనియాలో కొంత గాల్లో కలుస్తుంది. ఉదయం చేసిన నమూనాలకూ మధ్యాహ్నం చేసిన వాటికీ ఒకే తీరులో తేడా వస్తుంటే నీటిని అనుమానించాలి. కండెన్సర్ గొట్టం చివర బోరిక్ ఆమ్లంలో మునిగి ఉండటం, స్వేదనం ఆపే ముందు చివరి చుక్కలు ఎర్ర లిట్మస్‌ను నీలం చేయకపోవడం కూడా చూసుకోవాలి.

ఈ దారిలో రెండో సగాన్ని పరీక్షించడానికి చవకైన ఉపాయం అమ్మోనియం సల్ఫేట్. శుద్ధమైన లవణంలో నత్రజని 21.2 శాతం. 0.4717 గ్రాములను లీటరు నీటిలో కరిగిస్తే మిల్లీలీటరుకు 0.1 మి.గ్రా. నత్రజని ఉన్న ద్రావణం తయారవుతుంది. అందులో 10 మి.లీ., అంటే సరిగ్గా 1 మి.గ్రా. నత్రజని స్వేదనం చేస్తే, బ్లాంక్ తీసేశాక 0.02 నార్మల్ ఆమ్లం 3.57 మి.లీ. పట్టాలి. 3.30 వచ్చిందంటే 92 శాతమే చేరింది. ఎనిమిది శాతం కండెన్సర్ దగ్గరో, వదులుగా ఉన్న జాయింటు దగ్గరో పోయింది, లేదా ఆమ్లం నార్మాలిటీ మనం అనుకున్నది కాదు. గుర్తుంచుకోవాల్సింది, ఇది డైజెషన్‌ను పరీక్షించదు. అమ్మోనియం సల్ఫేట్‌లో విడదీయాల్సిందేమీ లేదు. డైజెషన్ సంగతి తేలాలంటే నత్రజని ముందే తెలిసిన మట్టి నమూనాను ప్రతి విడతలోనూ ఒక ఫ్లాస్కులో నడపాలి.

0.052 శాతానికీ 210 కిలోలకూ సంబంధం ఏమిటి

మొదట్లో చెప్పిన తికమకలో రైతు వైపు సగం ఇంకా మిగిలింది. హెక్టారు పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువును మన ల్యాబులు మామూలుగా 22.4 లక్షల కిలోలుగా తీసుకుంటాయి. అందులో 0.052 శాతం అంటే సుమారు 1,165 కిలోల నత్రజని. మరి సాయిల్ హెల్త్ కార్డు మీద 210 అని ఎందుకుంది?

అది వేరే పరీక్ష. కార్డులో ఉండేది మొక్కకు ‘లభ్యమయ్యే’ నత్రజని. దాన్ని ఎక్కువగా క్షార పర్మాంగనేట్ పద్ధతిలో కొలుస్తారు. సుబ్బయ్య, ఆసిజా 1956లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో సల్ఫ్యూరిక్ ఆమ్లపు డైజెషన్ ఉండదు. 20 గ్రాముల మట్టికి పొటాషియం పర్మాంగనేట్, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాలు కలిపి నేరుగా స్వేదనం చేస్తారు. సేంద్రియ నత్రజనిలో సులువుగా విడిపోయే భాగం మాత్రమే అమ్మోనియాగా బయటికి వస్తుంది. చివరన అదే బోరిక్ ఆమ్లం, అదే 0.02 నార్మల్ ఆమ్లం, అదే పచ్చ నుంచి గులాబి. చూడటానికి రెండూ ఒకేలా ఉండటమే చిక్కు.

లెక్క మాత్రం మళ్లీ మన 0.280 మి.గ్రా. మీదే నడుస్తుంది. మిల్లీలీటరుకు 0.28 మి.గ్రా.ను 20 గ్రాములతో భాగిస్తే కిలో మట్టికి 14 మి.గ్రా.; దాన్ని 2.24తో గుణిస్తే హెక్టారుకు 31.36 కిలోలు. బ్లాంక్ తీసేశాక 6.7 మి.లీ. పట్టిందంటే 210 కిలోలు. మన దేశంలో 280 కిలోల లోపు తక్కువ, 280 నుంచి 560 మధ్యమం, ఆపైన ఎక్కువ అని చూస్తారు. ఈ హద్దులు పర్మాంగనేట్ అంకెకే వర్తిస్తాయి. జెల్డాల్ 0.052 శాతాన్ని 1,165 కిలోలుగా మార్చి, 560 దాటింది కాబట్టి నేలలో నత్రజని పుష్కలంగా ఉందని యూరియా తగ్గించుకుంటే పంట దెబ్బతింటుంది. ఆ 1,165 కిలోల్లో చాలా భాగం హ్యూమస్‌లో బిగుసుకుని ఉండి, ఏటా కొద్దికొద్దిగానే విడుదలవుతుంది.

మామూలు జెల్డాల్ పద్ధతి ‘మొత్తం’ నత్రజని అని చెప్పుకున్నా, నైట్రేటును అది పూర్తిగా లెక్కించదు. నైట్రేటు కూడా కావాలంటే డైజెషన్‌కు ముందు సాలిసిలిక్ ఆమ్లం, ఆ తర్వాత సోడియం థయోసల్ఫేట్ కలిపే సవరించిన పద్ధతి వాడాలి. చాలా ల్యాబులు ఈ శ్రమ పడవు. దానికి వారు చెప్పే కారణం లెక్కకు నిలుస్తుంది: కిలో మట్టికి 20 మి.గ్రా. నైట్రేటు నత్రజని ఉన్నా అది 0.002 శాతమే, అంటే బ్యూరెట్ ఊగుడు అంత. యూరియా వేసిన కొద్దిరోజులకే మిర్చి చేలోంచి తీసిన నమూనా అయితే ఆ ధీమా పనికిరాదు. నైట్రేటు అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు, అది జెల్డాల్ అంకెలోకి ఎంత చేరిందో, ఎంత జారిపోయిందో చెప్పలేం. అలాంటి మట్టికి సవరించిన పద్ధతైనా వాడాలి, లేదా నమూనా ఎరువు వేసిన ఎన్నాళ్లకు తీశారో రిపోర్టులో రాయాలి.